మాటల్లేని చీరల వీడియోని అందరికీ అందేలా మార్చడం

ప్రశ్న: మాది మంగళగిరిలో చిన్న చేనేత చీరల షాపు. దసరా కోసం 50 సెకన్ల ప్రమోషన్ వీడియో చేయించాం. మాటలు లేవు. వీణ మ్యూజిక్, చీరలు, వాటి మీద బంగారు రంగు అక్షరాల్లో ధరలు, చివర్లో ఫోన్ నంబరు. ఒక కస్టమర్ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపారు: "అమ్మా, నాకు చూపు లేదు, మీ వీడియోలో మ్యూజిక్ తప్ప ఏమీ తెలియలేదు" అని. పెద్దవాళ్లు కూడా అక్షరాలు సరిగా కనపడటం లేదంటున్నారు. మళ్లీ షూట్ చేయాలా? యూట్యూబ్‌లో క్యాప్షన్లు వాటంతట అవే వస్తాయని మా ఎడిటర్ అంటున్నాడు. అయినా మాటలే లేవు కాబట్టి వినపడని వాళ్లకి ఇబ్బంది ఏమీ లేదు కదా?

జవాబు:

మళ్లీ షూట్ చేయనక్కర్లేదు. ఉన్న బొమ్మల మీదే వాయిస్ చేర్చి, అక్షరాలు మార్చి, వీడియోని ఒక 10 సెకన్లు పొడిగిస్తే సరిపోతుంది. అయితే ఈ పనులు ఒక వరసలో చేయాలి. ముందు వాయిస్, తర్వాత క్యాప్షన్, చివర్లో రంగులు. క్యాప్షన్లతో మొదలుపెడితే వాయిస్ చేర్చాక మొత్తం మళ్లీ చేయాల్సి వస్తుంది.

మీ ఎడిటర్ మాట సంగతి ముందు చెప్తాను. యూట్యూబ్ తనంతట తాను ఇచ్చే క్యాప్షన్లు మనిషి మాటని విని రాసేవి. మీ వీడియోలో మాటే లేదు కాబట్టి అక్కడ పనికొచ్చేది ఏమీ రాదు. రేపు వాయిస్ చేర్చినా, వెనక వీణ, మగ్గం చప్పుడు ఉంటే ఆ రాత తప్పులతడకగా వస్తుంది. ముఖ్యంగా ఊరి పేర్లు, షాపు పేరు, ధరలు. అమ్మకానికి చేసే వీడియోలో తప్పు పడకూడనివి సరిగ్గా అవే. నిమిషం వీడియోకి పదిహేను ఇరవై క్యాప్షన్లు ఉంటాయి, వాటిని చేత్తో టైప్ చేయడం ఒక పూట పని.

ఇక వినపడనివాళ్లకి ఇబ్బంది లేదు కదా అన్నారు. ఇప్పటి వీడియోతో వాళ్లకి పెద్ద ఇబ్బంది లేదన్నది నిజమే, అక్షరాలు కనపడితే. కానీ చూపు లేనివాళ్ల కోసం మీరు వాయిస్ చేర్చగానే, ఆ వాయిస్‌లో ఉన్నదంతా వినపడనివాళ్లకి అందని సమాచారం అవుతుంది. అందుకే ఈ రెండూ విడిగా చూడకూడదు. నేను స్క్రిప్ట్ రాసేటప్పుడు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేస్తాను. ఎడమవైపు కళ్లకి కనపడేది, కుడివైపు చెవికి వినపడేది. ఏం అమ్ముతున్నారు, ధర ఎంత, ఆఫర్ ఎప్పటిదాకా, ఎక్కడ దొరుకుతుంది, ఎలా అడగాలి అనే అయిదు సంగతులు రెండువైపులా ఉన్నాయో లేదో చూసుకుంటాను. మీ వీడియోకి ఈ కాగితం గీస్తే ఎడమవైపు నిండుగా ఉంటుంది. కుడివైపు "వీణ" అన్న ఒక్క మాట ఉంటుంది.

సినిమాలకి, సీరియళ్లకి చూపు లేనివాళ్ల కోసం డైలాగుల మధ్య ఖాళీల్లో దృశ్యాన్ని వర్ణించే వేరే ఆడియో ట్రాక్ చేస్తారు. దాన్నే ఆడియో డిస్క్రిప్షన్ అంటారు. నిమిషం నిడివి ప్రకటనకి ఆ పద్ధతి కుదరదు. ఖాళీలు ఉండవు, రెండో ట్రాక్ వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యే వీడియోతో పాటు వెళ్లదు. దానికంటే మంచి దారి, ఆ వర్ణనని అసలు వాయిస్‌లోనే కలిపేయడం. అందరూ వినేది ఒకటే వాయిస్ అవుతుంది. చూపు ఉన్నవాళ్లకి అది మామూలు ప్రకటనలాగే ఉంటుంది, చూపు లేనివాళ్లకి దృశ్యం తెలుస్తుంది.

చీర విషయంలో ఇది చాలా బాగా కుదురుతుంది, ఎందుకంటే చీర గురించి మాటల్లో చెప్పుకునే అలవాటు మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉంది. ఫోన్‌లో అక్క చెల్లెలికి చీర గురించి ఎలా చెప్తుందో గుర్తు తెచ్చుకోండి. రంగు, అంచు వెడల్పు, కొంగు, బరువు, బట్ట మెత్తదనం, ఏ రంగు జాకెట్టు మీదకి బాగుంటుంది. సరిగ్గా ఆ వరసే వాయిస్‌కి కావాలి. "అద్భుతమైన", "కళ్లు చెదిరే", "మనసు దోచే" అనే మాటలు తీసేయండి. అవి చీర గురించి ఏమీ చెప్పవు, పైగా టైమ్ తినేస్తాయి. రంగులని ఇంట్లో పిలిచే పేర్లతో చెప్పండి: వంకాయ రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, కుంకుమ ఎరుపు. పుట్టుకతోనే చూపు లేనివాళ్లకి రంగులతో ఏం పని అని కొందరు అడుగుతారు. పెళ్లికి ఏ రంగు కట్టుకోవాలో, ఏ జాకెట్టు జత చేయాలో వాళ్లు కూడా చూసుకోవాల్సిందే కదా, వాళ్లకి ఆ సమాచారం తప్పకుండా కావాలి. అంచు వెడల్పుని "పెద్ద అంచు" అనకుండా "నాలుగు వేళ్ల వెడల్పు" అనండి, "జానెడు" అనండి. వేళ్లతో కొలిచి చూసుకోగలిగిన మాట అది.

మంగళగిరి చీరకి ఇంకో సౌకర్యం ఉంది. బాడీ సాదాగా ఉంటుంది, అసలు పనంతా అంచులో, కొంగులో ఉంటుంది. అందుకని ఒక్కో చీరకి పన్నెండు పద్నాలుగు మాటలు చాలు. ఒంటినిండా డిజైన్ ఉన్న పోచంపల్లి ఇకత్ చీరకయితే ఇంకాస్త టైమ్ ఇవ్వాల్సి వచ్చేది.

టైమ్ లెక్క ఇలా వేసుకోండి. తెలుగులో తొందర పడకుండా చెప్తే సెకనుకి రెండు మాటల కంటే తక్కువే పడతాయి, మన మాటలు పొడుగు కాబట్టి. 60 సెకన్ల వీడియోలో 70 మాటలు మించకుండా రాయండి, ఫోన్ నంబరు అంకెలు కాకుండా. మిగిలిన టైమ్ ఖాళీగా ఉంచండి. ఆ ఖాళీ అవసరం ఎందుకో క్యాప్షన్ల దగ్గర చెప్తాను. మీ వీడియోకి నేను రాస్తే ఇలా రాస్తాను. ధర, తగ్గింపు నేను వేసుకున్న అంకెలు, మీవి పెట్టుకోండి.

మొదటి 4 సెకన్లు: మాట లేదు, మగ్గం చప్పుడు ఒక్కటే.

4 నుంచి 10: "మంగళగిరి. గుంట మగ్గం మీద మా నేతపనివాళ్లు నేసిన నూలు చీరలు."

10 నుంచి 13: చీర మడత విప్పుతున్న చప్పుడు.

13 నుంచి 21: "ఇది వంకాయ రంగు చీర. బాడీ అంతా సాదా. రెండువైపులా నాలుగు వేళ్ల వెడల్పు జరీ అంచు."

21 నుంచి 25: వీణ.

25 నుంచి 32: "ఇది చిలకపచ్చ. అంచు పసుపు రంగు, కొంగులో జరీ చారలు. తేలిక బట్ట, ఎండాకాలం కూడా కట్టుకోవచ్చు."

32 నుంచి 36: వీణ.

36 నుంచి 43: "ధర 1,800 రూపాయల నుంచి. దసరా దాకా 20 శాతం తగ్గింపు."

43 నుంచి 57: "ఫోన్ చేయండి, లేదా వాట్సాప్ చేయండి." తర్వాత నంబరు, చిన్న ఆగుడు, మళ్లీ అదే నంబరు.

57 నుంచి 60: షాపు పేరు, వీధి పేరు.

ఇందులో "ఇక్కడ చూడండి", "ఈ నంబరుకి", "స్క్రీన్ మీద కనపడుతున్న అడ్రస్" లాంటివి ఒక్కటి కూడా లేవు. ప్రకటనల్లో చూపు లేనివాళ్లని బయట నిలబెట్టేసే మాటలు ఎక్కువగా ఇవే. రికార్డింగ్ రోజున చదివేవాళ్లు అలవాటుగా "ఈ నంబరుకి" అని చేర్చేస్తుంటారు, గమనించుకోండి.

ఫోన్ నంబరుకి 14 సెకన్లు ఎక్కువ అనిపిస్తుంది. అంత కావాలి. పది అంకెలు స్పష్టంగా చెప్పడానికి అయిదారు సెకన్లు పడుతుంది. మొదటిసారి విన్నప్పుడు రాసుకోవాలని తెలుస్తుంది, రెండోసారి రాసుకుంటారు. మనవాళ్లు నంబరు చెప్పుకునేది ఇంగ్లీషు అంకెల్లోనే కాబట్టి "నైన్ ఎయిట్ ఫోర్" అనే చెప్పించండి. అయిదు అంకెలు చెప్పి ఆగి, మిగిలిన అయిదు చెప్పాలి. "డబుల్", "ట్రిపుల్" వద్దు, విని టైప్ చేసేవాళ్లు అక్కడే తడబడతారు. మీ పాత వీడియోలో చివరి నంబరు కార్డు ఎన్ని సెకన్లుందో చూడండి. చాలా వీడియోల్లో అది మూడు సెకన్లే ఉంటుంది. బొమ్మ పొడిగించాల్సింది అక్కడే. అది కదలని కార్డు కాబట్టి ఎడిటర్‌కి పెద్ద పని కాదు.

రికార్డింగ్‌కి స్టూడియో లేకపోయినా పర్లేదు. చీరల గుట్టలున్న గది ఉంటే చాలు, బట్టలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. మీ షాపు వెనక గది బాగా పనికొస్తుంది. ఫ్యాన్ ఆపేయండి, ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కకి పెట్టండి. వాయిస్ వినపడే చోట వీణని బాగా తగ్గించాలి. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల్లో అన్నింటికంటే పై స్థాయిలో ఉన్న నియమం, వెనక ధ్వని వాయిస్ కంటే 20 డెసిబెల్స్ తక్కువ ఉండాలంటుంది. ఎడిటర్‌కి ఆ అంకె చెప్తే చాలు. మ్యూజిక్ దాదాపు వినపడనంత తగ్గిపోయిందని మీకు అనిపిస్తుంది. వినికిడి కొంచెం తగ్గిన పెద్దవాళ్లకి మాత్రం మాట తెలిసేది అప్పుడే. మధ్యలో ఖాళీలున్న చోట వీణని మళ్లీ పైకి తీసుకురావచ్చు.

వాయిస్ ఖాయం అయ్యాక క్యాప్షన్లు. వినపడనివాళ్ల కోసం రాసే క్యాప్షన్‌లో మాటతో పాటు చప్పుడు కూడా రావాలి. మొదటి నాలుగు సెకన్లలో మాట లేదు కాబట్టి ఖాళీగా వదిలేస్తే, చదివేవాళ్లకి అక్కడ ఏదో మాట్లాడుతున్నారేమో, క్యాప్షన్ మిస్ అయిందేమో అని అనుమానం వస్తుంది. అక్కడ చప్పుడుని చదరపు బ్రాకెట్లలో రాయాలి. అయితే ప్రతి చప్పుడూ రాయకండి. మగ్గం చప్పుడు మీ కథలో భాగం, రాయాలి. వీణ మొదలైనప్పుడు ఒకసారి రాస్తే చాలు, ప్రతి ఖాళీలో "వీణ మ్యూజిక్" అని వేస్తే చదివే కళ్లకి విసుగు.

క్యాప్షన్ ఫైల్ ఇలా ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లోనే టైప్ చేయొచ్చు. సెకన్ల తర్వాత చుక్క కాదు, కామా పెట్టాలని మర్చిపోకండి.

```
1
00:00:00,500 --> 00:00:03,500
[మగ్గం చప్పుడు]

2
00:00:04,000 --> 00:00:05,600
మంగళగిరి.

3
00:00:05,700 --> 00:00:10,000
గుంట మగ్గం మీద
మా నేతపనివాళ్లు నేసిన నూలు చీరలు.
```

సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర `UTF-8` ఎంచుకుని, ఫైల్ పేరు చివర `.srt` ఉండేలా చూడండి. లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. పోస్టర్లు, ఫ్లెక్సీలు చేసే చోట చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలో టైప్ చేస్తారు. అందులో కనపడేది తెలుగే అయినా లోపల దాగి ఉన్నవి ఇంగ్లీషు గుర్తులు. ఆ టెక్స్ట్‌ని తెచ్చి క్యాప్షన్ ఫైల్‌లో పేస్ట్ చేస్తే అర్థం లేని అక్షరాలు వస్తాయి. కాబట్టి క్యాప్షన్ టెక్స్ట్ మొదటినుంచీ యూనికోడ్‌లోనే టైప్ చేయించండి. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో టైప్ చేసి పంపినా అది యూనికోడే.

వరస ఎక్కడ విరగాలన్నది ముఖ్యం. ఒకసారికి రెండు వరసలకి మించకూడదు, అడ్డంగా ఉన్న వీడియోలో వరసకి అయిదారు మాటలు, నిలువు వీడియోలో మూడు నాలుగు. "నాలుగు వేళ్ల" ఒక వరసలో, "వెడల్పు జరీ అంచు" ఇంకో వరసలో పడితే చదివేవాళ్లు ఆగి వెనక్కి వెళ్లాలి. "రెండువైపులా" తర్వాత విరిచి, "నాలుగు వేళ్ల వెడల్పు జరీ అంచు" ఒకే వరసలో ఉంచండి. మాటని మధ్యలో విరవడం అసలు వద్దు. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు తెలుగు పొడుగు మాటలని అక్షరాల మధ్య విరిచేస్తాయి, వత్తు ఒక వరసలో, అక్షరం ఇంకో వరసలో పడ్డవి కూడా ఉంటాయి. వరస విరుపు మీరే ఎంటర్ కొట్టి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

క్యాప్షన్ ఎంతసేపు ఉండాలన్నదానికి నేను వాడే కొలత: దాన్ని బయటికి నెమ్మదిగా ఒకసారి చదవండి, ఎంత టైమ్ పడితే అంతసేపు కచ్చితంగా ఉండాలి. వినపడనివాళ్లలో చాలామందికి మొదటి భాష సంజ్ఞాభాష, తెలుగు రాత బడిలో నేర్చుకున్న రెండో భాష. వాళ్లు మనంత వేగంగా చదవకపోవచ్చు. పైగా అక్షరాలు చదువుతున్నప్పుడు వాళ్ల కళ్లు చీర మీద ఉండవు. అందుకే స్క్రిప్ట్‌లో ఒక్కో చీర తర్వాత నాలుగు సెకన్లు ఖాళీ ఉంచింది. వాయిస్ లేదు, క్యాప్షన్ లేదు, చీర ఒక్కటే ఉంటుంది. ఎడిటర్ ఆ ఖాళీని "డల్‌గా ఉంది" అని కత్తిరించబోతాడు. ఒప్పుకోకండి.

యూట్యూబ్‌కి ఈ ఫైల్‌ని విడిగా అప్‌లోడ్ చేయండి. అలా చేస్తే చూసేవాళ్లు అక్షరాల సైజు, రంగు తమకి కావాల్సినట్టు మార్చుకోగలరు, ఇది చూపు తగ్గినవాళ్లకి పెద్ద సాయం. వాట్సాప్‌కి వెళ్లే వీడియోలో మాత్రం క్యాప్షన్లని బొమ్మలోనే కలిపేయాలి, ఎందుకంటే ఫార్వర్డ్ అయ్యేది వీడియో ఫైల్ ఒక్కటే. కాబట్టి మీకు రెండు కాపీలు కావాలి. అక్షరాలు కలిపేసిన కాపీనే యూట్యూబ్‌లో పెట్టి దాని మీద మళ్లీ క్యాప్షన్ ఫైల్ కూడా పెడితే ఒకదాని మీద ఒకటి పడి రెండూ చదవలేం. రీల్స్, షార్ట్స్ కోసం నిలువు కాపీ చేస్తే క్యాప్షన్లని మరీ కిందకి పెట్టకండి. అక్కడ అకౌంట్ పేరు, వివరణ వచ్చి కప్పేస్తాయి, కుడివైపు లైక్, షేర్ బటన్లు ఉంటాయి. ఫ్రేమ్ ఎత్తులో కింది నాలుగో వంతు వదిలేసి, దానిపైన పెడితే మంచిది.

ఇప్పుడు పెద్దవాళ్ల ఫిర్యాదు. బంగారు రంగు అక్షరాలు చూడటానికి పండగలా ఉంటాయి కానీ చీరల మీద అవి నిలవవు. దీనికి కొలత ఉంది. అక్షరం వెలుగుకీ, వెనకున్న రంగు వెలుగుకీ నిష్పత్తి లెక్కిస్తారు. నలుపు మీద తెలుపుకి అది 21, అంతకంటే ఎక్కువ సాధ్యం కాదు. ఒకే రంగు మీద అదే రంగుకి 1. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు మామూలు అక్షరాలకి కనీసం 4.5, పెద్ద అక్షరాలకి కనీసం 3 ఉండాలంటాయి. ఎడిటర్లు ఎక్కువగా వాడే బంగారు రంగు `#FFD700` తీసుకుంటే, తెల్లటి బట్ట మీద దాని నిష్పత్తి 1.4. అంటే దాదాపు లేనట్టే. నిండు ఎరుపు `#FF0000` మీద 2.85, అది కూడా చాలదు. అదే బంగారు రంగు మెరూన్ `#800000` మీద 7.8 వస్తుంది. కాబట్టి బంగారు రంగు వదులుకోనక్కర్లేదు, దానివెనక మెరూన్ పట్టీ పెట్టండి. ధరలు, ఆఫర్ కార్డు అలా చేయించండి.

క్యాప్షన్లకి మాత్రం తెల్ల అక్షరాలు, వెనక నల్ల పెట్టె వాడండి. అందులో కూడా ఒక మెలిక ఉంది. అందంగా ఉంటుందని చాలామంది ఆ నల్ల పెట్టెని సగం పారదర్శకంగా పెడతారు. 50 శాతం నలుపు పెట్టె తెల్లటి చీర మీద పడితే అది బూడిద రంగవుతుంది, దానిమీద తెల్ల అక్షరం నిష్పత్తి 4 దగ్గర ఆగిపోతుంది. 80 శాతం నలుపు పెడితే అదే చోట 12 దాటుతుంది. పెట్టె ఇంకా కొంచెం పారదర్శకంగానే కనపడుతుంది, చదవడానికి ఇబ్బంది ఉండదు. కాబట్టి ఎడిటర్‌కి "ఒపాసిటీ 80" అని చెప్పండి.

వీడియోలో బొమ్మ కదులుతుంది కాబట్టి ఒక ఫ్రేమ్‌లో కొలిచి వదిలేస్తే సరిపోదు. జరీ మీద లైటు పడి మెరిసే క్షణంలో ఆపి స్క్రీన్‌షాట్ తీయండి, అదే మీ వీడియోలో అన్నింటికంటే కష్టమైన ఫ్రేమ్. కలర్ కాంట్రాస్ట్ అనలైజర్ అనే ఉచిత ప్రోగ్రాం కంప్యూటర్‌లో ఉంటే, అక్షరం మీద ఒకసారి, పక్కనే ఉన్న అతి లేత రంగు మీద ఒకసారి నొక్కితే నిష్పత్తి చెప్తుంది.

తెలుగు అక్షరాలకి రంగు ఒక్కటే చాలదు, మందం కూడా కావాలి. "ద"కీ "ధ"కీ, "ప"కీ "ష"కీ తేడా చిన్న గీతే. సన్నటి ఫాంట్ పెడితే, వాట్సాప్ వీడియోని కుదించినప్పుడు ఆ గీతే ముందు మాయమవుతుంది. అక్షరం చుట్టూ మందంగా అవుట్‌లైన్ పెడితే ఇంకో రకంగా పాడవుతుంది, గుడులు, సుడులు పూడుకుపోయి మచ్చల్లా కనపడతాయి. అవుట్‌లైన్ లేకుండా మందపాటి ఫాంట్, వెనక పెట్టె, ఇదే నాకు నమ్మకంగా పనిచేసింది. నోటో సాన్స్ తెలుగు బోల్డ్ లాంటివి సరిపోతాయి. అలంకారపు ఫాంట్లు షాపు పేరుకి ఉంచుకోండి. అడ్డం వీడియో 1080 ఎత్తుంటే క్యాప్షన్ ఫాంట్ సైజు 60 పిక్సెళ్లకి తగ్గకూడదు. రెండు వరసల మధ్య దూరం ఇంగ్లీషు క్యాప్షన్లకంటే ఎక్కువ ఇవ్వాలి. మనకి పై వరస వత్తులు కిందకి దిగుతాయి, కింది వరస గుడులు పైకి లేస్తాయి, రెండూ కొట్టుకుంటాయి.

ప్రీమియర్ ప్రోలో వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే, ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ని `South Asian and Middle Eastern`కి మార్చమనండి. ఇది తెలియక కొందరు ఎడిటర్లు తెలుగుని బొమ్మగా చేసి అతికిస్తారు. వాట్సాప్ కాపీకి అది పర్లేదు గానీ, తర్వాత ధర మారితే మళ్లీ మొదటికి వస్తుంది.

ఆఫర్ అక్షరాలు టపటపా వెలిగి ఆరే ఎఫెక్ట్ మీ వీడియోలో ఉంటే తీసేయించండి. సెకనుకి మూడుసార్ల కంటే ఎక్కువ మెరిస్తే కొందరికి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

అంతా అయ్యాక బయటికి పంపే ముందు, ఈ వీడియో పనిలో లేని ఇద్దరిని పిలవండి. మీరు, మీ ఎడిటర్ పనికిరారు, మీకు నంబరు ముందే తెలుసు. ఒకరికి ఫోన్ బోర్లా పెట్టి వినిపించండి. ఇంకొకరికి సౌండ్ తీసేసి, షాపు బయట ఎండలో, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూపించండి. ఇద్దరినీ అవే అయిదు ప్రశ్నలు అడగండి: ఏం అమ్ముతున్నారు, ధరెంత, ఎప్పటిదాకా, ఎక్కడ, ఎలా అడగాలి. విన్నవాళ్లని అదనంగా ఇంకోటి అడగండి, రెండో చీర అంచు ఏ రంగని. చెప్పలేకపోతే ఆ వాక్యం తొందరగా వెళ్లిపోయిందని అర్థం, అక్కడ ఒక సెకను పెంచాలి. ఈ పరీక్ష అయ్యాక, మీకు వాయిస్ పంపిన ఆ కస్టమర్‌కి కూడా పంపి అడగండి. కళ్లు మూసుకుని విన్నవాళ్లకి తట్టనివి, ఫోన్‌ని రోజూ చెవితోనే వాడే మనిషికి తడతాయి. ఆమె టైమ్‌కి తగినట్టు ఏదైనా ఇవ్వండి, అది సలహాదారు పని.

వాట్సాప్‌లో వీడియో పంపేటప్పుడు దానికింద టెక్స్ట్ కూడా రాయండి. చీర రకం, రంగులు, ధర, తగ్గింపు ఆఖరు తేదీ, అడ్రస్, ఫోన్ నంబరు. ఫోన్ తెర మీది రాతని పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్లు వీడియోలోని అక్షరాలని చదవలేవు, కింద టైప్ చేసిన టెక్స్ట్‌ని చదువుతాయి. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లు బ్రెయిలీ పరికరం మీద చదువుకునేది కూడా ఆ టెక్స్టే. నంబరుని టెక్స్ట్‌గా ఇస్తే నొక్కగానే కాల్ వెళ్తుంది. అక్షరాల మధ్య చుక్కలు, పువ్వులు, వరసగా ఇరవై ఎమోజీలు పెట్టకండి, స్క్రీన్ రీడర్ వాటి పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదివి, ధర దగ్గరికి వచ్చేసరికి మనిషి విసిగిపోతారు. యూట్యూబ్‌లో కూడా ఇదే టెక్స్ట్‌ని డిస్క్రిప్షన్‌లో మొదటి రెండు వరసల్లోకి వచ్చేలా పెట్టండి. ఆ కింద ఉన్నది చాలామంది తెరిచి చూడరు.